మత్తు లోతు, మత్తు వేగం

జనరల్ అనస్థీషియా అంటే మందు వల్ల కలిగి, మందు ప్రభావం తగ్గగానే తొలగిపోయే స్పృహలేని స్థితి. ఆ సమయంలో రోగికి జరుగుతున్నది తెలియదు, తర్వాత గుర్తుండదు, చర్మం మీద కోత పెట్టినా కదలడు. ఈ స్థితిని రెండు దారుల్లో తీసుకువస్తారు. ప్రొపోఫాల్, థయోపెంటోన్, కెటమిన్ వంటి మందులను సిరలోకి ఎక్కించడం ఒక దారి. ఊపిరితో పీల్పించడం రెండోది. పీల్చే మందుల్లో ఈథర్, క్లోరోఫామ్ పాతవి. 1956లో హాలోథేన్ వాడకంలోకి వచ్చింది. నేటి ఆపరేషన్ థియేటర్లలో ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్ వాడుతున్నారు. నైట్రస్ ఆక్సైడ్ వీటికి తోడుగా ఉంటుంది.

నైట్రస్ ఆక్సైడ్ వాయువు, సిలిండర్‌లో వస్తుంది. మిగిలినవన్నీ సీసాల్లో వచ్చే ద్రవాలు. వేపరైజర్ అనే పరికరం ఆ ద్రవాన్ని ఆవిరిగా మార్చి, కోరినంత శాతం ఆక్సిజన్‌లో కలిపి పంపుతుంది. డెస్‌ఫ్లూరేన్ సుమారు 23 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. గది వేడి కొద్దిగా మారినా దాని ఆవిరి బాగా పెరిగిపోతుంది కాబట్టి దానికి వేడిని, పీడనాన్ని అదుపులో ఉంచే ప్రత్యేక వేపరైజర్ కావాలి.

ఇన్ని మందులున్నా మత్తు లోతును నిర్ణయించేది ఒక్కటే: మెదడులో ఆ మందు పాక్షిక పీడనం. వాయువుల మిశ్రమంలో ప్రతి వాయువూ తన వంతుగా చూపే ఒత్తిడిని పాక్షిక పీడనం అంటారు. ఊపిరితిత్తుల్లోని వాయుకోశాలు, రక్తం, మెదడు ఒకదానికొకటి తలుపులు తెరిచి ఉన్న మూడు గదుల వంటివి. పీడనం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి మందు కదులుతూ, మూడింటిలో పీడనం సమానమయ్యాక నిలుస్తుంది. మెదడుకు రక్తం ధారాళంగా అందుతుంది. అందువల్ల వాయుకోశాల్లో పీడనం స్థిరపడితే కొద్ది నిమిషాల్లోనే మెదడులోనూ అంతే పీడనం ఏర్పడుతుంది. మెదడులోని పీడనాన్ని నేరుగా కొలిచే సాధనం థియేటర్లో లేదు. రోగి వదిలే ఊపిరిలో చివరి భాగం వాయుకోశాల నుంచి వచ్చేదే కాబట్టి దానిని కొలిస్తే చాలు.

ఆ పీడనం పెరిగే కొద్దీ శరీరంలో కనిపించే గుర్తులు మత్తు దశలు. ఎంత పీడనం సరిపోతుందో చెప్పే అంకె మ్యాక్. ఎంత సేపట్లో ఆ పీడనం వస్తుందో నిర్ణయించేది రక్తంలో ఆ మందు కరిగే గుణం. ఈ మూడూ తెలిస్తే పీల్చే మందులు పనిచేసే తీరు తెలిసినట్టే.

నాలుగు దశలు

1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ ఈథర్ మత్తును బహిరంగంగా చూపించాడు. మరుసటి ఏడాదే లండన్ వైద్యుడు జాన్ స్నో ఈథర్ పీల్చే రోగిలో వరుసగా వచ్చే మార్పులను మెట్లుగా విడదీసి రాశాడు. నేటికీ పాఠ్యగ్రంథాల్లో కనిపించే విభజన మాత్రం అమెరికా వైద్యుడు ఆర్థర్ గెడెల్‌ది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లోని సైనిక ఆసుపత్రులకు గాయపడ్డవారు వరదలా వస్తున్నారు, మత్తు ఇచ్చేవారు చాలడం లేదు. కొద్దిపాటి శిక్షణ పొందిన సహాయకులు కూడా ప్రమాదం లేకుండా ఈథర్ ఇవ్వగలిగేలా, రోగి ఊపిరినీ కళ్లనూ చూసి మత్తు లోతు చెప్పే పట్టికను ఆయన తయారుచేశాడు. 1920లో అది అచ్చయింది.

మొదటి దశలో నొప్పి తెలియడం తగ్గుతుంది కాని స్పృహ ఉంటుంది. రోగి మాట్లాడగలడు, చెప్పినట్టు చేయగలడు. స్పృహ పోవడంతో ఈ దశ ముగుస్తుంది.

రెండోది ఉద్రేక దశ. మెదడులో ఇతర భాగాలను అణచి ఉంచే కేంద్రాలు ముందుగా మత్తులో పడటంతో శరీరం పగ్గం తెగినట్టు ప్రవర్తిస్తుంది. రోగి కాళ్లూ చేతులూ విదిలిస్తాడు, అర్థం లేకుండా అరుస్తాడు. ఊపిరి ఒకసారి బిగబట్టినట్టు, ఒకసారి ఎగపోసినట్టు ఉంటుంది. కనుపాపలు పెద్దవవుతాయి, కనుగుడ్లు అటూ ఇటూ తిరుగుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. వాంతి కావచ్చు. గొంతులో చిన్న కదలిక జరిగినా స్వరపేటిక బిగుసుకుపోయి గాలి దారి మూసుకుపోవచ్చు. మత్తులో అన్నిటికన్నా భయపడవలసిన ఘట్టం ఇదే.

మూడో దశలో ఊపిరి తిరిగి లయలో పడుతుంది, కంటిరెప్ప వెంట్రుకను తాకినా రెప్ప కదలదు. ఆపరేషన్ చేయదగిన దశ ఇది. గెడెల్ దీనిని మళ్లీ నాలుగు పొరలుగా చూశాడు. మొదటి పొరలో కనుగుడ్లు ఇంకా కదులుతుంటాయి, రెండో పొర వచ్చేసరికి నిలిచిపోతాయి. మూడో పొరలో పక్కటెముకల మధ్య కండరాలు సడలడం మొదలవుతుంది. నాలుగో పొరలో ఛాతీ కదలక, ఉదరవితానం ఒక్కటే ఊపిరి లాగుతుంటుంది. చాలా ఆపరేషన్లకు మొదటి రెండు పొరల లోతు చాలు. నాలుగో దశలో ఉదరవితానం కూడా ఆగిపోతుంది, రక్తపోటు పడిపోతుంది, కనుపాపలు పూర్తిగా విచ్చుకుని వెలుతురు వేసినా కదలవు. వెంటనే మందు ఆపి ఊపిరి అందించకపోతే ప్రాణం పోతుంది.

రెండో దశ ఎంత ప్రమాదకరమో తేలిన చరిత్రలో హైదరాబాద్‌కూ చోటుంది. క్లోరోఫామ్ పీల్చిన రోగులు కొందరు హఠాత్తుగా చనిపోయేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండెా అన్న వాదం పంతొమ్మిదో శతాబ్దం చివరి దాకా తెగలేదు. నిజాం మహబూబ్ అలీఖాన్ పాలనలో, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888లో ఒకటి, 1889లో మరొకటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు జంతువుల మీద ప్రయోగాలు జరిపాయి. రెండోదానికి ఇంగ్లండ్ నుంచి ప్రసిద్ధ వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. ముందు ఆగేది ఊపిరేనని, మత్తు ఇచ్చేవారు దాని మీదే దృష్టి పెట్టాలని కమిషన్ తేల్చింది. ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న మాట నేటికీ నిలిచింది. గుండె విషయంలో మాత్రం ఆ తీర్పు పూర్తి నిజం కాదు. క్లోరోఫామ్ మత్తు పలచగా ఉన్నప్పుడు శరీరంలో అడ్రినలిన్ ఎగసి గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు చూపించాయి. మందు ఎక్కువైతేనే చావు అనుకున్నచోట, తక్కువ లోతులో కూడా చావు పొంచి ఉందని అప్పుడు తెలిసింది.

మ్యాక్ అంటే

గుర్తులను చూసి లోతు చెప్పడంలో ఒక చిక్కు ఉంది. గెడెల్ పట్టిక ఈథర్‌ను చూసి రాసినది. ఇతర మందులతో అవే గుర్తులు అదే వరుసలో రావు. కండరాలను సడలించే మందులు, నొప్పి తగ్గించే మార్ఫిన్ జాతి మందులు తోడైతే ఊపిరి, కనుపాపలు చెప్పే సాక్ష్యం చెల్లదు. అందుకే ఏ మందుకైనా వర్తించే ఒక కొలత కావలసి వచ్చింది. 1960లలో కాలిఫోర్నియాలో ఎడ్మండ్ ఎగర్, ఆయన సహచరులు దానిని రూపొందించారు. దాని పేరు కనిష్ఠ వాయుకోశ గాఢత. థియేటర్లో అందరూ పలికే పొట్టి పేరు మ్యాక్.

సముద్రమట్టపు వాతావరణ పీడనం దగ్గర, చర్మం మీద కోత పెట్టినప్పుడు నూటికి యాభై మంది కదలకుండా ఉండటానికి వాయుకోశాల్లో ఆ మందు ఎంత శాతం ఉండాలో అదే దాని మ్యాక్. నడివయసు మనిషిలో హాలోథేన్‌కు అది సుమారు 0.75 శాతం, ఐసోఫ్లూరేన్‌కు 1.2, సెవోఫ్లూరేన్‌కు 1.8 నుంచి 2, డెస్‌ఫ్లూరేన్‌కు 6 నుంచి 6.6. అంకె చిన్నదైతే మందు బలమైనదని అర్థం. నైట్రస్ ఆక్సైడ్ మ్యాక్ 104 శాతం. నూటికి నూరు పాళ్లూ అదే పీల్పించినా చాలదు, పైగా ఆక్సిజన్‌కు చోటు ఉండదు. అందుకే అది ఒంటరిగా ఆపరేషన్ మత్తు ఇవ్వలేదు, తోడుగానే పనికొస్తుంది.

ఆ తోడు ఎంత ఉపయోగమో లెక్క కట్టవచ్చు, ఎందుకంటే మ్యాక్‌లు ఒకదానికొకటి కూడుతాయి. వాయుకోశాల్లో 52 శాతం నైట్రస్ ఆక్సైడ్ ఉంటే అది 104లో సగం, అంటే అర మ్యాక్. సెవోఫ్లూరేన్ మ్యాక్ 1.8 అనుకుంటే 0.9 శాతం మరో అర మ్యాక్. రెండూ కలిసి ఒక మ్యాక్ అవుతుంది.

మ్యాక్ అందరికీ ఒకటి కాదు. పసిపిల్లల్లో ఎక్కువగా ఉండి, ఆ తర్వాత వయసు పెరిగే కొద్దీ దశాబ్దానికి సుమారు 6 శాతం చొప్పున తగ్గుతుంది. నలభై ఏళ్ల మనిషికి 1.8 శాతం కావలసిన సెవోఫ్లూరేన్, డెబ్బై ఏళ్ల వారికి 1.5 చాలు. నాలుగైదేళ్ల పిల్లలకు 2.5 దాకా కావాలి. శరీరం చల్లబడినా, గర్భం దాల్చినా, మార్ఫిన్ జాతి మందులు ఇచ్చినా మ్యాక్ తగ్గుతుంది. ఏళ్ల తరబడి మద్యం తాగేవారిలో పెరుగుతుంది. అప్పటికప్పుడు తాగి వచ్చినవారిలో తగ్గుతుంది. ఆపరేషన్‌కు ముందు మద్యం అలవాటు గురించి, వాడుతున్న మందుల గురించి అంత గుచ్చి గుచ్చి అడగడానికి ఇదొక కారణం.

ఈ అంకెకు పరిమితులు రెండు. ఒక మ్యాక్ దగ్గర సగం మంది కదులుతారు. నూటికి తొంభై అయిదు మందికి పైగా కదలకుండా ఉండాలంటే ఒక్క పీల్చే మందే అయితే 1.3 మ్యాక్ దాకా కావాలి. రెండోది, మ్యాక్ కొలిచేది కదలికను మాత్రమే. కదలకుండా చేసే పని ప్రధానంగా వెన్నుపాములో జరుగుతుందని, తెలివి పోయేది మెదడులో అని 1990లలో జరిగిన జంతు ప్రయోగాలు చూపాయి. తెలివి పోవడానికి మ్యాక్‌లో మూడో వంతు చుట్టుపక్కల చాలు. కాబట్టి సరిపడా మందు అందుతున్నంతవరకు, రోగి కొద్దిగా కదిలినంత మాత్రాన మెలకువ వచ్చిందని కాదు. అయితే కండరాలు సడలించే మందు ఇచ్చిన రోగి మెలకువ వచ్చినా కదలలేడు, పిలవలేడు. వేపరైజర్ ఖాళీ అయినా, గొట్టం ఊడినా బయటికి గుర్తు తెలియదు. అందువల్లే ఊపిరి చివర మందు శాతాన్ని యంత్రం ప్రతి శ్వాసలోనూ కొలుస్తుంటుంది. వయసుకు సరిచేసిన మ్యాక్ 0.7 కన్నా తగ్గితే హెచ్చరిక మోగేలా అమర్చే పద్ధతి ఉంది.

ఒకటి వేగం, ఒకటి నిదానం ఎందుకు

రక్తంలో బాగా కరిగే మందు త్వరగా పనిచేస్తుందనుకోవడం సహజం. జరిగేది దానికి సరిగ్గా ఎదురు. రక్తంలో ఎంత ఎక్కువ కరిగితే మత్తు అంత ఆలస్యమవుతుంది. రక్తంలో కరిగి కూర్చున్న మందు పీడనం చూపదు. పీడనం లేవనిదే మెదడు మత్తులో పడదు.

కాలువ చివర శివారు పొలానికి నీరు చేరడం ఇలాంటిదే. కాలువ అడుగు బంకమట్టి అయితే వదిలిన నీరు వదిలినట్టు పోయి పొలంలో మట్టం లేస్తుంది. అడుగు ఇసుక అయితే ముందు ఇసుక తాగుతుంది. తూము దగ్గర ఎంత నీరు వదిలినా ఇసుక దాహం తీరేదాకా చివర మట్టం లేవదు. ఈథర్‌కు రక్తం ఇసుక కాలువ, డెస్‌ఫ్లూరేన్‌కు బంకమట్టి కాలువ.

ఈ తేడాను చెప్పే అంకె రక్త–వాయు గుణకం. శరీర ఉష్ణోగ్రత దగ్గర, పీడనాలు సమానమయ్యాక, ఒక లీటరు వాయువులో ఉన్న మందుకు ఒక లీటరు రక్తంలో ఎన్ని రెట్లు ఉంటుందో అది చెబుతుంది. డెస్‌ఫ్లూరేన్‌కు అది 0.42, నైట్రస్ ఆక్సైడ్‌కు 0.47, సెవోఫ్లూరేన్‌కు 0.65, ఐసోఫ్లూరేన్‌కు 1.4, హాలోథేన్‌కు 2.4, ఈథర్‌కు 12.

మూత బిగించిన సీసాలో ఒక లీటరు రక్తం, దాని పైన ఒక లీటరు వాయువు ఉన్నాయనుకోవాలి. వాయువులోకి మందు నూరు పాళ్లు వదిలి నిలకడకు వచ్చేదాకా ఆగితే, డెస్‌ఫ్లూరేన్‌లో 30 పాళ్లు రక్తంలోకి పోయి 70 పాళ్లు వాయువులోనే మిగులుతాయి. సెవోఫ్లూరేన్‌లో 61 మిగులుతాయి, హాలోథేన్‌లో 29. ఈథర్‌లో మాత్రం 92 పాళ్లు రక్తం తాగేసి 8 పాళ్లే మిగులుతాయి. పీడనం చూపేది ఆ మిగిలిన భాగమే. నిజమైన శరీరంలో రక్తం ఒకచోట నిలిచి ఉండదు. ఊపిరితిత్తులకు కొత్త రక్తం నిమిషానికి అయిదు లీటర్ల దాకా వచ్చి మందును మోసుకుపోతూనే ఉంటుంది. ప్రతి శ్వాసా తెచ్చిన ఈథర్‌ను దాదాపు అంతా రక్తం పట్టుకుపోతే వాయుకోశాల్లో పీడనం చీమ నడకన పెరుగుతుంది.

మనుషుల్లో కొలిచిన అంకెలు దీనినే చూపుతాయి. పీల్పించే శాతాన్ని మార్చకుండా అరగంట ఇస్తే, వాయుకోశాల్లోని శాతం ఆ పీల్పించినదానిలో నైట్రస్ ఆక్సైడ్‌కు 99 శాతానికి, డెస్‌ఫ్లూరేన్‌కు 90కి, సెవోఫ్లూరేన్‌కు 85కి, ఐసోఫ్లూరేన్‌కు 73కి చేరుతుంది. హాలోథేన్‌కు 58 దగ్గరే ఉంటుంది.

బలం వేరు, వేగం వేరు. బలం కొవ్వులో కరిగే గుణాన్ని బట్టి ఉంటుందని జర్మనీలో హాన్స్ మేయర్, స్విట్జర్లాండ్‌లో ఎర్నెస్ట్ ఓవర్టన్ 1900 ప్రాంతంలో విడివిడిగా కనుగొన్నారు. వేగం రక్తంలో కరిగే గుణాన్ని బట్టి ఉంటుంది. హాలోథేన్ బలమైనది కాని నిదానం. నైట్రస్ ఆక్సైడ్ బలహీనమైనది కాని వేగం.

వేగం ఎందుకంత ముఖ్యమో రెండో దశను గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. ఈథర్‌తో ఆపరేషన్‌కు తగిన లోతు రావడానికి పావుగంటో అంతకన్నా ఎక్కువో పట్టేది. అందులో చాలా భాగం ఆ ఉద్రేక దశలోనే గడిచేది. పీడనం త్వరగా పెరిగే మందు ఆ దశను దాదాపు దాటవేస్తుంది. ప్రొపోఫాల్‌ను సిరలోకి ఇస్తే అరనిమిషం అటూ ఇటూగా స్పృహ పోతుంది, రెండో దశ కంటికి ఆనదు. పెద్దవారికి సాధారణంగా మత్తును ప్రొపోఫాల్‌తో మొదలుపెట్టి, పీల్చే మందుతో కొనసాగించడానికి కారణం ఇదే.

నాలుగేళ్ల పిల్లవాడికి మత్తు

సూదిని చూస్తే ఏడ్చే పిల్లలకు మాత్రం పీల్చే మందుతోనే మొదలుపెడతారు. హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన నాలుగేళ్ల పిల్లవాడి ఉదాహరణలో దశలు, మ్యాక్, వేగం మూడూ ఒకచోట కనిపిస్తాయి.

అంకెలు చూస్తే డెస్‌ఫ్లూరేనే అన్నిటికన్నా వేగం. కాని దాని ఘాటు గొంతును రేపి దగ్గు, ఊపిరి బిగపట్టడం, స్వరపేటిక బిగుసుకోవడం తెస్తుంది. ఐసోఫ్లూరేన్ కూడా ఘాటైనదే. అందుకే వాసన భరించదగిన సెవోఫ్లూరేన్‌ను ఎంచుకుంటారు. ఈ పిల్లవాడికి మ్యాక్ సుమారు 2.5 శాతమే అయినా వేపరైజర్‌ను 8 శాతం దగ్గర పెడతారు. రక్తం పట్టుకుపోయేదానిని ముందే లెక్కలో వేసుకుని తూము పూర్తిగా ఎత్తడం ఇది. చిన్నపిల్లలు ఊపిరితిత్తుల పరిమాణంతో పోలిస్తే ఎక్కువ గాలి పీలుస్తారు కాబట్టి పీడనం వారిలో ఇంకా త్వరగా లేస్తుంది.

నిమిషం అటూ ఇటూగా రెప్ప వెంట్రుకను తాకినా కదలిక ఉండదు. పిల్లవాడు నిద్రపోయినట్టే కనిపిస్తాడు, కాని వెంటనే కాళ్లు కదిలిస్తాడు, ఊపిరి ఎగుడుదిగుడవుతుంది, కనుగుడ్లు పక్కకు తిరుగుతాయి. రెండో దశ అది. ఆ క్షణంలో సూది గుచ్చకూడదు, గొంతులో ఏమీ పెట్టకూడదు. మరో ఒకటి రెండు నిమిషాలు ఆగితే ఊపిరి లయలో పడుతుంది, కనుపాపలు చిన్నవై మధ్యలో నిలుస్తాయి. అప్పుడు చేతికి కాన్యులా పెట్టి, వేపరైజర్‌ను తగ్గిస్తారు. 8 దగ్గరే మరిచిపోతే గుండె వేగం, రక్తపోటు పడిపోతాయి.

తొందరపడి ముందే గుచ్చితే స్వరపేటిక బిగుసుకోవచ్చు. గాలి కొద్దిగా పోతుంటే పీల్చేటప్పుడు కీచుమనే శబ్దం వస్తుంది. పూర్తిగా మూసుకుంటే శబ్దమే ఉండదు. ఛాతీ లోపలికి గుంజుకుంటుంది కాని యంత్రం సంచి కదలదు. వెంటనే ప్రేరణ ఆపి, మాస్క్ గట్టిగా అదిమి నూరు శాతం ఆక్సిజన్‌ను ఒత్తిడితో అందిస్తారు, మత్తును లోతు చేస్తారు. అప్పటికీ వదలకపోతే కండరాన్ని సడలించే సక్సమెథోనియం ఇస్తారు.

గుండె నెమ్మదిస్తే

వేగాన్ని మార్చే మరో అంశం గుండె పంపే రక్తం. గుండె ఎక్కువ రక్తం పంపితే వాయుకోశాల నుంచి మందు ఎక్కువగా కొట్టుకుపోయి మత్తు ఆలస్యమవుతుంది. తక్కువ పంపితే వాయుకోశాల్లో పీడనం త్వరగా లేస్తుంది. ప్రమాదం ఇక్కడే ఉంది. రక్తం బాగా పోయిన రోగిలో గుండె పంపేది తక్కువ, అందులోనూ పెద్ద వాటా మెదడుకే వెళ్తుంది. ఆరోగ్యవంతుడికి సరిపోయే శాతమే అతనిని చాలా లోతుకు తీసుకుపోతుంది. ఆ లోతు గుండెను ఇంకా నెమ్మదింపజేస్తే పీడనం మరింత వేగంగా పెరుగుతుంది. రక్తంలో బాగా కరిగే మందుల్లో ఈ ప్రభావం ఎక్కువ.

రోగి తనంతట తాను ఊపిరి తీస్తుంటే ఒక రక్షణ ఉంటుంది. మత్తు లోతైన కొద్దీ ఊపిరి తగ్గుతుంది, దానితో లోపలికి వచ్చే మందూ తగ్గుతుంది. వెంటిలేటర్ పెట్టాక ఆ రక్షణ ఉండదు. యంత్రం ఎంత శాతం ఇస్తే అంతా లోపలికి పోతుంది. అప్పుడు ఊపిరి చివర అంకెను, రక్తపోటును వైద్యులు కనిపెట్టి ఉండటమే రక్షణ.

మత్తు దిగడం వెనుకకు నడవడం వంటిది. వేపరైజర్ మూయగానే మందు మెదడు నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి ఊపిరిలోకి వస్తుంది. రక్తంలో తక్కువ కరిగేది త్వరగా ఖాళీ అవుతుంది. ఆపరేషన్ గంటల తరబడి సాగినా డెస్‌ఫ్లూరేన్ మత్తు నిమిషాల్లో దిగుతుంది. కండరాల్లో, కొవ్వులో నిల్వ అయ్యే ఐసోఫ్లూరేన్, హాలోథేన్ అంతసేపు వాడితే తెలివి రావడం ఆలస్యమవుతుంది. తిరుగుదారిలోనూ రెండో దశ ఎదురవుతుంది. గొంతులోని గొట్టాన్ని రోగి ఇంకా లోతైన మత్తులో ఉండగానో, పూర్తిగా మేలుకుని చెప్పినట్టు కళ్లు తెరిచాకో తీస్తారు. ఈ రెండింటి మధ్య మాత్రం తీయరు.